కంటెంట్ క్యాలెండర్, అనుమతి క్రమం: పార్ట్‌టైమ్ మేనేజర్ ఉన్న నానక్‌రామ్‌గూడ జట్టు

ఒక సంస్థ ప్రజల్లోకి పంపే రాతలు, పోస్టర్లు, రీల్స్, ఈమెయిళ్లు ఏ రోజు ఎక్కడ రావాలో, ఎవరు తయారుచేయాలో ముందుగా రాసిపెట్టుకున్న పట్టికను కంటెంట్ క్యాలెండర్ అంటారు. వాటిలో ఏది ఎవరి కంటపడ్డాక బయటికి వెళ్లాలో చెప్పేది అనుమతి క్రమం. పెద్ద సంస్థల్లో ఈ రెండూ వేరువేరు మనుషుల చేతుల్లో ఉన్నా నడుస్తాయి. ముగ్గురో నలుగురో పనిచేసే చోట, పైగా వారిని చూసే మేనేజరు వారానికి రెండు పూటలే వచ్చే చోట, రెంటినీ కలిపి ఒకే పట్టికగా కట్టాల్సి వస్తుంది. ఎందుకంటే అక్కడ పోస్టు ఏ రోజు బయటికి వస్తుందో తేల్చేది పండుగ తేదీ కాదు, మేనేజరు కూర్చునే పూట.

హైదరాబాద్ పడమటి అంచున శేరిలింగంపల్లి మండలంలో ఉన్న నానక్‌రామ్‌గూడ ఇలాంటి జట్లు సహజంగా పుట్టే చోటు. ఒకవైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల భవనాలు, మరోవైపు ఔటర్ రింగ్ రోడ్డు. 2019లో అమెజాన్ తన భారీ కార్యాలయాన్ని ఇక్కడే తెరిచింది. 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి ఇక్కడికి మారింది. ఈ పెద్ద గేట్ల చుట్టూ అపార్ట్‌మెంట్లు కట్టే సంస్థలు, ఇంటీరియర్ పనివాళ్లు, క్లినిక్‌లు, శిక్షణ కేంద్రాలు పెరిగాయి. వీటికి పూర్తికాలపు మార్కెటింగ్ అధిపతిని పెట్టుకునేంత పని ఉండదు, అలాగని అసలు లేకుండానూ కుదరదు. అందుకే రెండు మూడు సంస్థలకు కలిపి పనిచేసే అనుభవజ్ఞులను కొన్ని గంటలకు కుదుర్చుకుంటారు.

ఈ వ్యాసం అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మే ఒక చిన్న సంస్థ ప్రచార జట్టును నమూనాగా తీసుకుంటుంది. లెక్కలు స్పష్టంగా కనబడటం కోసం ఊహించుకున్న జట్టు ఇది. ఇందులో ఒక రచయిత, ఒక డిజైనర్, వీడియోలూ సోషల్ మీడియా ఖాతాలూ చూసే ఒకరు, వారికి పార్ట్‌టైమ్ మేనేజర్ ఉంటారు. మేనేజరు మంగళవారం, శుక్రవారం రెండేసి గంటల చొప్పున అనుమతులకు కూర్చుంటారు. మిగతా సమయంలో ఆవిడ వేరే ఆఫీసులో ఉంటారు, ఫోనుకు దొరకడం ఆవిడ వీలును బట్టే. స్థిరాస్తి రంగాన్ని ఎంచుకోవడానికి కారణముంది. ఇందులో తప్పుగా వెళ్లిన ఒక్క పోస్టర్ చట్టం దాకా తీసుకెళ్తుంది కాబట్టి అనుమతి అనే మాటకు ఇక్కడ నిజమైన బరువు ఉంటుంది.

పని ఎక్కడ ఆగుతుంది

ఈ జట్టు వారానికి 12 అంశాలు తయారుచేస్తుందనుకుందాం. ఒక్కోదాన్ని చదివి, చూసి, మార్పులు రాయడానికి మేనేజరుకు సుమారు 12 నిమిషాలు పడుతుంది. అంటే మొదటి చూపుకే 144 నిమిషాలు. వాటిలో సగం మార్పులతో వెనక్కి వెళ్లి మళ్లీ వస్తాయి, రెండోసారి ఒక్కోదానికి 8 నిమిషాల చొప్పున 48 నిమిషాలు. మొత్తం 192. ఆవిడకున్నది 240. చూడటానికి ఇంకా 48 నిమిషాలు మిగిలాయి, హాయిగానే ఉంది. కానీ దసరా ముందు వారం అంశాలు 18 అవుతాయి. అదే లెక్కన 288 నిమిషాలు కావాలి. మిగిలిపోయిన 48 నిమిషాల పని తర్వాతి వారం నెత్తిన పడుతుంది, ఆ వారం కూడా పండుగ వారమే. దీపావళి దాకా ఈ బాకీ తీరదు.

అంతకన్నా లోతైన చిక్కు నిరీక్షణలో ఉంది. బుధవారం ఉదయం పూర్తయిన పోస్టర్ శుక్రవారం దాకా ఆగుతుంది. శుక్రవారం మార్పు చెబితే డిజైనర్ అరగంటలో సరిచేస్తాడు, కానీ రెండోసారి చూసేది మంగళవారమే. బుధవారం నుంచి మంగళవారానికి ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో మేనేజరు ఆ పోస్టర్‌పై గడిపింది 20 నిమిషాలు. ఈ తేడా అర్థం కాని జట్లు పని ఆలస్యమవుతున్నదని డిజైనర్‌ను తొందరపెడతాయి. అతడు రెండు గంటలు ముందే ఇచ్చినా ఆరు రోజులు ఆరు రోజులుగానే ఉంటాయి.

ఎంత ఆలస్యమవుతున్నదో తెలుసుకోవడానికి ఒక్కో పోస్టర్‌కూ గడియారం పట్టుకుని కూర్చోనక్కర్లేదు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన వరుసల సూత్రం ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. వరుసలో సగటున ఉన్న అంశాల సంఖ్యను, వారానికి బయటికి వెళ్లే అంశాల సంఖ్యతో భాగిస్తే ఒక్కోటి సగటున ఎన్ని వారాలు వరుసలో ఉంటుందో వస్తుంది. వారానికి 12 బయటికి వెళ్తూ, ‘అనుమతికి’ అనే గడిలో ఎప్పుడు చూసినా 24 దాకా కనిపిస్తుంటే ఒక్కోటి రెండు వారాలు ఆగుతున్నట్టే. కొంతకాలంగా వచ్చేవీ పోయేవీ దాదాపు సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. రెండు మూడు వారాల పాటు ప్రతి సోమవారం ఆ గడిని లెక్కపెడితే చాలు.

తేదీని వెనక్కి లెక్కపెట్టడం

మామూలు క్యాలెండర్‌లో ప్రచురణ తేదీ ఒక్కటే ఉంటుంది. ఈ జట్టుకు మూడు తేదీలు కావాలి: బయటికి వెళ్లే రోజు, మేనేజరు మొదటిసారి చూసే పూట, ఆఖరిసారి చూసే పూట. వెనుక నుంచి మొదలుపెట్టి లెక్కిస్తారు. ఆఖరి చూపు ప్రచురణకు ముందు వచ్చే మంగళవారమో శుక్రవారమో అవుతుంది. మొదటి చూపు దానికి ముందు పూట. తయారీదారులకు గడువు మొదటి చూపుకు ముందురోజు సాయంత్రం.

ఈ లెక్కను చేత్తో వేస్తే తప్పులు పడతాయి, ముఖ్యంగా మేనేజరు సెలవు పెట్టినప్పుడు. గూగుల్ షీట్స్‌లో దీనికి సరిపోయే ఫార్ములా ఉంది. B గడిలో ప్రచురణ తేదీ, Leave అనే వేరే షీటులో మేనేజరు రాలేని తేదీలు ఉన్నాయనుకుంటే:

```
C2: =WORKDAY.INTL(B2,-2,"1011011",Leave!A$2:A$40)
D2: =WORKDAY.INTL(B2,-1,"1011011",Leave!A$2:A$40)
```

కొటేషన్లలోని ఏడు అంకెలు సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు రోజులు. 1 అంటే సెలవు, 0 అంటే పని. రెండో స్థానం, ఐదో స్థానం సున్నాలు కాబట్టి మంగళ, శుక్రవారాలనే పనిరోజులుగా తీసుకుంటుంది. C గడిలో మొదటి చూపు, D గడిలో ఆఖరి చూపు వస్తాయి. ప్రచురణ రోజు తానే శుక్రవారమైతే ఆ పూటను లెక్కలోకి తీసుకోదు, ముందున్న మంగళవారానికి వెళ్తుంది. అలా ఉండటమే మేలు. ఉదయం అనుమతి ఇచ్చి మధ్యాహ్నం వేసే పోస్టులో అక్షరం తప్పు కనబడితే దిద్దడానికి ఎవరికీ తీరిక ఉండదు.

2026 వినాయక చవితిని తీసుకుంటే ఇది ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. చవితి సెప్టెంబరు 14, సోమవారం. ఫార్ములా ఆఖరి చూపును 11వ తేదీ శుక్రవారంగా, మొదటి చూపును 8వ తేదీ మంగళవారంగా చూపుతుంది. అంటే 7వ తేదీ సాయంత్రానికి పోస్టర్ సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు మేనేజరు 11న సెలవని Leave షీటులో రాయగానే ఆఖరి చూపు 8కి, మొదటి చూపు 4కి జరుగుతాయి. డిజైనర్ గడువు 3వ తేదీ అయింది. ఒక్క రోజు సెలవు, గడువును నాలుగు రోజులు ముందుకు తెచ్చింది. ఆ విషయం ఆగస్టులోనే తెలిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. 10వ తేదీ రాత్రి ‘రేపు రావడం లేదు’ అని మెసేజ్ వస్తేనే పండుగ పోస్టర్ ఎవరూ చూడకుండా వెళ్తుంది. అందువల్ల ఈ పద్ధతిలో మేనేజరు బాధ్యతల్లో మొట్టమొదటిది తన సెలవులను కనీసం నెల ముందుగా ఆ షీటులో తానే రాయడం.

జట్టు సెలవులకు కూడా అలాంటి షీటే కావాలి. సంక్రాంతికి ఈ ఐటీ కారిడార్‌లో సగం ఆఫీసులు ఖాళీ అవుతాయి, గుంటూరు, రాజమండ్రి వైపు వెళ్లేవారు వారం ముందే బయల్దేరతారు. సంక్రాంతి వారపు పోస్టులన్నీ డిసెంబరు నెలాఖరుకే అనుమతి పొంది షెడ్యూల్ అయిపోవాలి.

పంచాంగం చేసే పని

చిన్న జట్లు క్యాలెండర్ తయారుచేసేటప్పుడు ఎక్కువగా చేసే పని పోయిన ఏడాది షీటును కాపీ చేసుకోవడం. రిపబ్లిక్ డే, తెలంగాణ ఆవిర్భావ దినం వంటివాటికి అది సరిపోతుంది. తెలుగు పండుగలకు సరిపోదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి పండుగలు ఏటా పది పన్నెండు రోజులు ముందుకు వస్తాయి, రెండున్నర మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి మళ్లీ వెనక్కి వెళ్తాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. దాని ప్రభావం చూడండి. ఉగాది 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, అంటే 11 రోజులు ముందుకు. అధికమాసం దాటాక వినాయక చవితి ఆగస్టు 27 నుంచి సెప్టెంబరు 14కి, దసరా అక్టోబరు 2 నుంచి 20కి, దీపావళి అక్టోబరు 20 నుంచి నవంబరు 8కి వెళ్లాయి. ఒకే ఏడాదిలో కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి. కాపీ షీటులో అన్నిటికీ ఒకే సంఖ్య కలిపి సర్దుకుందామంటే కుదరదు.

ఇళ్లు అమ్మేవారికి పంచాంగంతో ఇంకో అవసరం కూడా ఉంది. ఆషాఢంలో గృహప్రవేశాలు చేయరు, చాలామంది ఆ నెలలో బుకింగ్ అడ్వాన్సులు ఇవ్వడానికీ జంకుతారు. శ్రావణం రాగానే కదలిక మొదలవుతుంది. 2026లో అధికమాసం వల్ల ఆషాఢం జూలై మధ్యకు జరిగింది. పోయిన ఏడాది లెక్కతో జూలై నెలాఖరులో ‘శుభ శ్రావణం’ ఆఫర్ పెట్టుకున్న జట్టు దాన్ని నడి ఆషాఢంలో వేసినట్టవుతుంది. కాబట్టి క్యాలెండర్ గీసే నెలలో పంచాంగం చూసి తిథి నుంచి తేదీ రాసుకోవాలి. పండుగ తేదీపై సందేహముంటే రాష్ట్ర ప్రభుత్వ సెలవుల జాబితాతో పోల్చుకోవాలి. ఈ పని రచయితకు అప్పగిస్తే ఒక పూటలో అయిపోతుంది, ఏడాదంతా పనికొస్తుంది.

ఎవరు ఏది చూడాలి

అనుమతులకు వారానికి పట్టే ఆ 192 నిమిషాలను తగ్గించే దారి మేనేజరు వేగంగా చదవడం కాదు, తక్కువ అంశాలు చదవడం. దానికి అంశాలను ప్రమాదాన్ని బట్టి విడదీస్తారు. ఇక్కడే చట్టం వస్తుంది.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, అందరూ రెరా అనేది, 2016 నాటిది. దాని 3వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టును అమ్మడమే కాదు, ప్రకటించడం కూడా నేరమే. 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని వాటికి మినహాయింపు ఉంది. ఉల్లంఘిస్తే 59వ సెక్షన్ కింద జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా ఉండొచ్చు. 11వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరూ, రెరా వెబ్‌సైటు చిరునామా (తెలంగాణకు rera.telangana.gov.in) స్పష్టంగా కనబడాలి. 12వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోయిన కొనుగోలుదారుకు పరిహారం ఇవ్వాలి, అతడు వద్దనుకుంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో తిరిగివ్వాలి. ఈ చట్టంలో ప్రకటన అనే మాటకు అర్థం విస్తారమైనది, ఏ మాధ్యమంలో ఉన్నా దాని కిందికే వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్, 20 సెకన్ల రీల్ కూడా ప్రకటనే. హైదరాబాద్‌లో బాగా వినబడే ‘ప్రీ లాంచ్ ఆఫర్’ ఈ సెక్షన్ల ఎదుట నిలవదు.

దీన్నిబట్టి మూడు రకాలు ఏర్పడతాయి. ధర, వైశాల్యం, అప్పగించే తేదీ, ఆఫర్, బ్యాంకు రుణం, దూరం, ఇలా కొనుగోలుదారు నమ్మి డబ్బు కట్టే అవకాశమున్న ఏ మాట ఉన్నా అది ఎరుపు. దానికి మేనేజరు అనుమతి తప్పనిసరి, అంకెలకు సంస్థ డైరెక్టర్ సంతకం కూడా కావాలి. కొత్తగా రాసిన వ్యాసం, నివాసి మాటల వీడియో, నిర్మాణం ఎక్కడిదాకా వచ్చిందో చూపే ఫొటోలు పసుపు. వీటిని మేనేజరు ఒక్కసారి చూస్తే చాలు. ఆఫర్ లేని పండుగ శుభాకాంక్షలు, ఉద్యోగ ప్రకటన, ఇంతకుముందు అనుమతి పొందిన పోస్టును మార్పు లేకుండా మళ్లీ వేయడం ఆకుపచ్చ. రచయిత తయారుచేస్తే డిజైనర్, డిజైనర్ చేస్తే రచయిత చూసి పంపేస్తారు. మేనేజరు ప్రచురణ తర్వాత చూస్తారు.

వారపు 12 అంశాల్లో అయిదు ఆకుపచ్చగా తేలితే మేనేజరు ముందుకు ఏడే వస్తాయి. మొదటి చూపుకు 84 నిమిషాలు, తిరిగొచ్చే మూడింటికి 24, మొత్తం 108. దసరా వారపు 18 అంశాల్లో పది వస్తే, సగం తిరిగొచ్చినా, 160 నిమిషాలు. ఆవిడ 240 నిమిషాల్లో ఇమిడిపోతాయి.

రంగు వేయడంలో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఆకుపచ్చ పోస్టులోకి ఎరుపు మాట జారినప్పుడు. ‘దీపావళి శుభాకాంక్షలు’ పోస్టర్ కింద ఎవరో ‘మెట్రోకి కూతవేటు దూరంలో’ అని చేరుస్తారు. హైదరాబాద్ మెట్రో రాయదుర్గం వరకు 2019 నవంబరులో వచ్చింది. అక్కడి నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా పొడిగించడం రెండో దశలోని ప్రతిపాదన. ప్రతిపాదనను ఉన్న సౌకర్యంగా చెప్పడం 12వ సెక్షన్‌ను పిలిచి తెచ్చుకోవడమే. దూరాలను నిమిషాల్లో చెప్పడమూ అలాంటిదే, ఉదయం తొమ్మిదింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్డు మీద ఏ నిమిషమూ నిలవదు. ఏ గేటు నుంచి ఏ గేటుకు ఎన్ని కిలోమీటర్లో రాయాలి. వైశాల్యం దగ్గరా ఇంతే జాగ్రత్త. ‘1,800 చదరపు అడుగులు’ అని వదిలేయకుండా అది కార్పెట్ ఏరియానా, సూపర్ బిల్టప్పా చెప్పాలి. రెరా నిర్వచనంలో కార్పెట్ ఏరియాలోకి లోపలి అడ్డగోడలు వస్తాయి, బయటి గోడలు, బాల్కనీలు రావు. అందుకని ఒక్క అంకె చేరినా రంగు మారిపోతుందన్నది నియమంగా పెట్టుకుంటారు.

షీటులో రెరా నంబరు గడి ఖాళీగా ఉన్న ప్రాజెక్టుకు ఏ అంశమూ ‘డ్రాఫ్ట్’ స్థితి దాటకూడదు. ఇది మేనేజరు వచ్చి చెప్పాల్సిన పని కాదు, గడే చెప్పాలి.

రెండు ద్వారాలు

పూర్తయిన వీడియోను చూసి ‘ఈ విషయమే వద్దు’ అనడం అత్యంత ఖరీదైన మార్పు. షూటింగ్, ఎడిటింగ్ అన్నీ పోతాయి. దీన్ని తప్పించడానికి అనుమతిని రెండుగా విడదీస్తారు. మొదటిది ఆలోచనకు. ప్రతి నెలా చివరి శుక్రవారం, వచ్చే నెల అంశాలన్నిటికీ ఒక్కో వరుస రాసి మేనేజరు ముందు పెడతారు. ఎవరికోసం, చెప్పే ఒక్క విషయం ఏమిటి, అందులోని వాస్తవాలకు ఆధారం ఏ పత్రం, ఎక్కడ వస్తుంది, ఏ రంగు. ఆధారం గడిలో ‘సేల్స్ వాళ్లు చెప్పారు’ అని ఉండకూడదు. రెరా సైటులోని ప్రాజెక్టు పేజీ, ధరల పట్టిక తేదీ, ఆర్కిటెక్ట్ ప్లాన్ ఇలా ఉండాలి. రెండోది తుది ప్రతికి. ఆలోచన ముందే ఒప్పుకున్నారు కాబట్టి ఈ రెండో అనుమతిలో మిగిలేవి అక్షరాలు, అంకెలు, బొమ్మ మాత్రమే.

పూటలో కూర్చున్నప్పుడు చూసే వరుస కూడా ముందే తేల్చుకోవాలి. వచ్చిన వరుసలోనో, వాట్సాప్‌లో పైకి తేలిన వరుసలోనో కాకుండా, D గడిలోని తేదీ దగ్గరగా ఉన్నది ముందు. ఒకే తేదీవి రెండుంటే ఎరుపు ముందు. మార్పులన్నీ ఒకే విడతలో రాయాలి. ప్రతి మార్పు పక్కనా ‘తప్పనిసరి’ అనో ‘వీలైతే’ అనో ఉండాలి. ఈ రెండు మాటలు లేనప్పుడు రంగు ముదురుగా ఉందన్న అభిప్రాయానికీ, ధర తప్పన్న హెచ్చరికకూ డిజైనర్ ఒకే బరువు ఇస్తాడు, రెండింటికీ రెండో చూపు అడుగుతాడు. ‘వీలైతే’ మార్పులు మాత్రమే ఉన్నది మళ్లీ మేనేజరు ముందుకు రానక్కర్లేదు.

ఏ ప్రతికి అనుమతి

వాట్సాప్ గ్రూపులో నాలుగు పోస్టర్లు పెడతారు, కింద ‘ఓకే అండి’ అని వస్తుంది. నాలుగింటికా, చివరిదానికా? ఆ తర్వాత ఇంకో సవరించిన ప్రతి వస్తే పాత ‘ఓకే’ దానికీ వర్తిస్తుందా? ఈ ప్రశ్నలకు గ్రూపులో జవాబు దొరకదు. అందుకని అనుమతి షీటులోనే ఉంటుంది: ఫైలు పేరు, ప్రతి సంఖ్య, ఎవరు, ఏ తేదీ. ఫైలు పేరు VC26_poster_v3 లాగా ఉంటే అనుమతి v3కి మాత్రమే. v4 పుడితే, అక్షరం మారినా, అనుమతి గడి ఖాళీ అవుతుంది. వాట్సాప్‌ను ‘షీటు చూడండి’ అని గుర్తుచేయడానికి వాడుకోవచ్చు.

తెలుగులో పనిచేసేవారికి ప్రతుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. రచయిత డాక్యుమెంటులో యూనికోడ్‌లో టైప్ చేస్తాడు. డిజైనర్ తనకు నచ్చిన అక్షర రూపం కోసం దాన్ని అను ఫాంట్లకు మారుస్తాడు. ఆ మార్పిడిలో వత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి. యూనికోడ్‌నే వాడినా, అడోబ్ సాఫ్ట్‌వేర్లలో దక్షిణాసియా లిపుల అమరిక ఆన్ చేయకపోతే సంయుక్తాక్షరాలు విడిపోయి వత్తులు పక్కకు జరుగుతాయి. డాక్యుమెంటు చదివి అనుమతి ఇచ్చిన మేనేజరుకు ఇవేవీ కనబడవు. అందుకే తుది అనుమతి ఎగుమతి చేసిన బొమ్మకే ఇవ్వాలి, ఫోను తెరపై చూసి. తెలుగు చదవని మేనేజరైతే, ఈ ప్రాంతంలో అది అరుదు కాదు, తెలుగు అక్షరాల బాధ్యత పేరుపెట్టి మరొకరికి అప్పగించి ఆయన పేరు కూడా అనుమతి గడిలో రాయాలి.

అనుమతి తర్వాత

షెడ్యూల్ చేసిన పోస్టు పరిస్థితి మారిందని తెలుసుకోదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది, మున్నేరు ఖమ్మంలోకి వచ్చింది. వినాయక చవితి ఆ ఏడాది సెప్టెంబరు 7. పండుగ ఆఫర్ల పోస్టులు చాలా చోట్ల అప్పటికే వరుసలో ఉండే సమయమది. మేనేజరు లేని పూట ఇలాంటివి వస్తే ఎవరు ఆపాలి? ఆపడానికి జట్టులో ఎవరికైనా అధికారం ఉండాలి, ఎవరినీ అడగకుండా. తిరిగి మొదలుపెట్టడానికి మాత్రం మేనేజరో డైరెక్టరో చెప్పాలి. ఖాతాల పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటే ఈ నియమం కాగితానికే పరిమితం, కనీసం ఇద్దరికి ఖాతాలోకి వెళ్లే వీలుండాలి.

వాస్తవాలు మారితే పాత పోస్టులూ మళ్లీ చూడాలి. 2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్-కన్వెన్షన్‌ను కూల్చడంతో చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు కొనుగోలుదారుల నోట్లో నానడం మొదలైంది. అంతవరకు అమ్మకాలకు ఆకర్షణగా ఉన్న ‘లేక్ వ్యూ’ ఒక్కసారిగా ఆధారం చూపాల్సిన మాట అయింది. షీటులో ప్రతి ఎరుపు అంశానికి ‘ఏ మాట మీద ఆధారపడింది’ అనే గడి ఉంటే, ఆ మాట వెతికి దానిపై నిలబడిన పోస్టులన్నీ ఒక పూటలో బయటికి తీయొచ్చు. లేకపోతే ఏడాది పోస్టులన్నీ తిరగేయాలి.

ఎప్పుడు సరిపోదు

ఈ క్రమం చెడుతున్న ఆనవాళ్లు కొన్ని త్వరగానే కనబడతాయి. వరుసగా రెండు సోమవారాలు ‘అనుమతికి’ గడిలో సంఖ్య పెరిగితే అది మొదటిది. ఆకుపచ్చ అంశాలు కూడా ‘ఒకసారి మేడమ్ చూస్తే బాగుంటుంది’ అని మేనేజరు ముందుకు చేరడం రెండోది. దీని వెనుక ఎప్పుడూ ఒక పాత సంఘటన ఉంటుంది, ప్రచురణ తర్వాత చూసిన ఆవిడ ఎవరినో అందరిముందూ నిలదీసి ఉంటారు. అలా జరిగితే రంగులు షీటులో ఉంటాయి కానీ పనిచేయవు, వాటిని మళ్లీ నిలబెట్టడం మేనేజరు చేతిలోనే ఉంది. ‘అర్జెంట్’ అని ఫోనులో తీసుకున్న అనుమతులు మూడోది. వారానికి ఒకటి సహజం. మూడు దాటితే ఎవరి దగ్గర నుంచి వస్తున్నాయో చూడాలి, ఎక్కువసార్లు సేల్స్ విభాగం శనివారం సైట్ విజిట్ల కోసం గురువారం అడిగే ఆఫర్ పోస్టర్లే అవుతాయి. ఆ విభాగాన్ని నెల చివరి శుక్రవారపు సమావేశంలో కూర్చోబెడితే సగం తగ్గుతాయి.

కొన్ని సందర్భాలకు ఈ పద్ధతి సరిపడదు. కొత్త ప్రాజెక్టు ప్రారంభించే నెలలో ఎరుపు అంశాలే 30 దాకా వస్తాయి, డైరెక్టర్ ధరలు చివరి రోజు దాకా మారుస్తుంటారు. రెండు పూటల మేనేజరుతో అది నడవదు. ఆ నెలకు మూడో పూట ముందుగానే మాట్లాడుకోవాలి. అప్పుడు ఫార్ములాలోని ఏడంకెల్లో మూడో స్థానపు 1ని 0 చేస్తే బుధవారం కూడా పనిపూట అవుతుంది, చూపుల తేదీలు వాటంతట అవే ప్రచురణ రోజుకు దగ్గరగా జరుగుతాయి. నెల తిరిగాక ఆ అంకెను మళ్లీ 1 చేసి పాత గడువులకు రావాలి.